నాయన రాత్రి గోలి తగ్గించమని డాక్టరుకు ఉత్తరం రాయడం ఎలా

రోజూ రాత్రి నిద్ర గోలి వేసుకునే పెద్దాయన రెండు నెలల్లో మూడుసార్లు పడ్డాడనుకోండి. ఇంట్లో అందరికీ ఆ గోలి మీదే అనుమానం. క్లినిక్‌కి పోతే బయట నలభై మంది కూర్చుని ఉంటారు. లోపల మనకు దొరికేది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో నాయన "నాకేం కాలేదు సార్, కాలు జారింది" అంటాడు, అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, మనం చెప్పాలనుకున్నది సగం మరిచిపోతాం. పాత చీటీనే మళ్లీ రాయించుకుని బయటికొస్తాం. అందుకే ఒక పేజీ ఉత్తరం రాసుకుని పోవాలి. మా నాయన విషయంలో నేను రెండుసార్లు ఉత్తచేతులతో పోయి, మూడోసారి కాగితం పట్టుకుని పోయాను. పని మూడోసారే అయింది.

మాది మర్రిగూడ దిక్కు పల్లె, డాక్టరు గారు ఉండేది నల్లగొండలో. నాయనకు 74 ఏళ్లు. ఆరేళ్ల కింద పెదనాయన చనిపోయినప్పుడు నిద్ర పట్టక అల్ప్రాజోలం 0.5 మిల్లీగ్రాముల గోలి మొదలైంది. మొదటి చీటీలో ఉన్నది పది రోజులకే. ఆ పది రోజులు ఆరేళ్లయ్యాయి.

ముందుగా ఒక మాట: ఈ రాత్రి గోలి ఆపకండి

పడ్డాడన్న భయంతో చాలామంది చేసే మొదటి పని గోలి దాచేయడం. మా తమ్ముడూ అదే చేశాడు. రెండో రాత్రికి నాయన చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు, తెల్లవార్లూ మంచం మీద లేచి కూర్చున్నాడు. ఏళ్ల తరబడి వాడిన అల్ప్రాజోలం, క్లోనజెపాం, డయజెపాం, లోరజెపాం లాంటి మందులను ఒక్కసారిగా ఆపితే ఒళ్లు తట్టుకోదు. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి, ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి ఉత్తరంలో మనం అడగాల్సింది "ఆపండి" అని కాదు, "మెల్లగా తగ్గించే దారి చెప్పండి" అని.

ఉత్తరం కోసం ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. తలకు దెబ్బ తగిలి ఆ తర్వాత వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, ఎప్పుడూ లేని మత్తు, మాట తడబాటు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. గుండెకని రక్తం పలచబడే మందు వాడుతున్నవాళ్లు తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నట్టు కనిపించినా అదే రోజు చూపించాలి. ముసలివాళ్లలో తల లోపల రక్తం మెల్లగా చేరి, రెండు మూడు వారాలకు గానీ బయటపడకపోవచ్చు. పడ్డాక తుంటి నొప్పితో కాలు కింద మోపలేకపోయినా 108కి ఫోన్ చేయాల్సిందే.

ఉత్తరానికి ముందు ఒక వారం పని

మందుల డబ్బా మొత్తం మంచం మీద బోర్లించండి. ప్రతి స్ట్రిప్ పేరు, మిల్లీగ్రాములు, ఏ పూట వేస్తున్నారు అన్నది రాయండి. పేరు సరిగ్గా రాయడం రాకపోతే స్ట్రిప్ రెండు వైపులా ఫోటో తీసుకోండి. రాత్రి గోలి పేరు చివర ఎస్ఆర్ అనో ఎక్స్ఆర్ అనో ఉందా చూడండి. ఉంటే అది మెల్లగా కరిగేలా చేసిన గోలి. దాన్ని విరిచి సగం వేయకూడదు, తగ్గించే పద్ధతి కూడా మారుతుంది. జలుబుకని, దురదకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న గోలీలనూ, దగ్గు సిరప్‌నూ రాయండి. వాటిలో చాలావాటికి మత్తు గుణం ఉంటుంది. మా ఇంట్లో అలాంటి జలుబు గోలి ఒకటి దొరికింది. నాయన నెల రోజులుగా రాత్రిపూట అది కూడా వేసుకుంటున్నాడని అమ్మకు కూడా తెలియదు.

తర్వాత పడిన ప్రతిసారీ ఎలా పడ్డాడో రాసుకోండి. ఈ ఉత్తరానికి అసలు బలం ఇదే, తొందరపడకండి. "తరచూ పడుతున్నారు" అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. ఎన్ని గంటలకు, గోలి వేసుకున్న ఎంతసేపటికి, ఏం చేస్తుండగా, పడే ముందు కళ్లు తిరిగాయా లేక కాలు తట్టుకుందా, పడ్డాక స్పృహలో ఉన్నాడా, తనంతట తాను లేచాడా అన్నవి కావాలి. నేను అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే అడిగాను. మొదటిసారి రాత్రి రెండుంబావుకి, మంచం దిగి బాత్రూంకి పోతుండగా వాకిట్లో. రెండోసారి తెల్లవారుజామున ఐదున్నరకు, అదే దారిలో, గడప దగ్గర. మూడోసారి రాత్రి పదింటికి, గోలి వేసుకున్న అరగంటకే, గేటు వేశామో లేదో చూసి వస్తానని లేచినప్పుడు. రాసి చూసుకుంటే నాకే అర్థమైంది: మూడూ గోలి వేసుకున్నాక, తెల్లారేలోపే జరిగాయి. పగలు ఒక్కసారీ పడలేదు.

"రాత్రి తొమ్మిదిన్నరకు వేసుకున్న గోలి తెల్లవారు ఐదున్నరకు ఏం చేస్తుంది?" అని మా తమ్ముడు వాదించాడు. చేస్తుంది. ఒంట్లోకి చేరిన అల్ప్రాజోలం సగానికి తగ్గడానికి మామూలు పెద్దవాళ్లలో సుమారు 11 గంటలు పడితే, వృద్ధుల్లో సుమారు 16 గంటలు పడుతుంది. తెల్లవారుజామున కూడా సగం పైనే ఒంట్లో ఉంటుందన్నమాట.

మూడోది బి.పి. చూడటం. డిజిటల్ మెషీన్ ఉంటే ఇంట్లోనే, లేకపోతే ఊళ్లో ఏఎన్ఎం దగ్గర చూడొచ్చు. పెద్దాయనను ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి చూడాలి. తర్వాత నిలబెట్టి ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఇంకోసారి చూడాలి. నిలబెట్టినప్పుడు పక్కన ఒక మనిషి పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే లేవగానే బి.పి. దిగిపోతున్నట్టు లెక్క. నాయనకు పడుకున్నప్పుడు 138/82 ఉంటే, నిలబడ్డ నిమిషానికి 114/74 వచ్చింది. పై అంకె 24 తగ్గింది. అంటే తప్పంతా నిద్ర గోలిదే కాదన్నమాట. బి.పి. మందుకో, ప్రోస్టేట్‌కు రాత్రి వేసే టామ్సులోసిన్‌కో కూడా ఇందులో వాటా ఉండొచ్చు. నేను అంతవరకు అన్నింటికీ ఆ ఒక్క గోలినే కారణమనుకున్నాను. ఈ అంకెలు చూశాక ఉత్తరం తీరే మారింది.

మన దిక్కువాళ్లు ఇంకో సంగతి రాయాలి. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు ఏళ్లపాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దలకు నడుం, మెడ, మోకాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. అలాంటి మనిషి తూలితే తమాయించుకోలేడు, కొయ్యలా పడిపోతాడు. మెడ దగ్గర ఎముక పెరిగి వెన్నుపామును నొక్కితే కాళ్లలో బలం కూడా తగ్గుతుంది. పగలు నడిచేటప్పుడు కూడా కాళ్లు ఈడుస్తున్నాడా, చెప్పులు జారిపోతున్నాయా గమనించి రాయండి. అలా ఉంటే గోలి తగ్గించినా పడటం పూర్తిగా ఆగదు. డాక్టరు మెడ సంగతి కూడా చూడాల్సి వస్తుంది.

కల్లు సంగతి దాచకండి

ఇది రాయడానికి నాకు చేయి రాలేదు. ఆడపిల్లగా, బిడ్డగా, నాయన కల్లు తాగుతాడని డాక్టరుకు రాయడమేంది అనిపించింది. కానీ ఈ ఒక్కటి రాయకపోతే మిగతా లెక్కంతా తప్పుతుంది. మన దగ్గర కల్తీ కల్లులో కలిపేవి అల్ప్రాజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మందులే. 'మందు కల్లు' అని ఊళ్లో అందరికీ తెలిసిందే. సాయంత్రం దుకాణంలో రెండు సీసాలు తాగి, రాత్రి గోలి వేసుకుంటే, ఒకే జాతి మందు రెండుసార్లు ఒంట్లోకి పోయినట్టే. ఎంత పోయిందో ఎవరూ చెప్పలేరు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. గోలి తగ్గిస్తున్న వారంలోనే నాయన కల్లు కూడా మానేస్తే, లేదా దుకాణం మూతపడితే, రెండూ ఒక్కసారే ఆగిపోతాయి. కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లకు అది దొరకనప్పుడు వణుకు, ఫిట్స్, పిచ్చిచూపులు వచ్చి ఆసుపత్రుల పాలైన రోజులు పాలమూరు, నిజామాబాద్ జిల్లాలు చూశాయి. అందుకే వారానికి ఎన్ని రోజులు, ఎన్ని సీసాలు, చెట్టు కల్లా దుకాణం కల్లా అన్నది ఉన్నదున్నట్టు రాయండి. నాయనను అడిగే తీరు కూడా చూసుకోవాలి. "తాగుతున్నవా?" అంటే "లేదు" అనే వస్తుంది. నేను "నాయనా, కల్లులో కూడా ఇదే గోలి కలుపుతరట. డాక్టరు లెక్క తప్పుతది, ఎన్ని తాగుతున్నవో చెప్పు" అన్నాను. కాసేపు ఊరుకుని, "వారానికి మూడు దినాలు బిడ్డా, ఒకటో రెండో" అన్నాడు.

ఉత్తరం సంగతి కూడా అప్పుడే చెప్పాను. నాయనకు తెలియకుండా ఈ ఉత్తరం ఇవ్వకండి. గోలి వేసుకునేది ఆయన, రేపు నిద్ర పట్టక మేలుకుని ఉండాల్సిందీ ఆయనే. ఆయన ఒప్పుకోకుండా తగ్గిస్తే మెడికల్ షాపు నుంచి ఇంకో స్ట్రిప్ తెప్పించుకుంటాడు. "గోలి లేకుంటే నిద్ర ఎట్ల పడుతది?" అన్నదే మా నాయన భయం. ఆ మాటను అలాగే ఉత్తరంలో పెట్టాను. డాక్టరు గారు మొదట జవాబిచ్చింది ఆ మాటకే.

ఉత్తరం రాయడం

ఒక పేజీ దాటకూడదు. తెలుగులో రాయండి, మందుల పేర్లు మాత్రం స్ట్రిప్ మీద ఉన్నట్టే దించుకోండి. మొదటి నాలుగు వాక్యాల్లోనే ఎవరు, ఏం జరిగింది, ఏం అడుగుతున్నాం అన్నది వచ్చేయాలి. డాక్టరు చదవడం మధ్యలో ఆపేసినా అసలు మాట అందుతుంది. "మీరు రాసిన మందు వల్లే" అనే మాట రాయకండి. అది నిజమైనా కాకపోయినా, ఆ వాక్యం తర్వాత ఆయన చదివేది సంజాయిషీ వెతుక్కుంటూ చదువుతాడు. ఇంటర్నెట్ నుంచి తీసిన కాగితాలు జతచేయకండి. 65 ఏళ్లు దాటినవాళ్లకు ఈ జాతి మందులు వీలైనంతవరకు వద్దని అమెరికా వృద్ధవైద్యుల సంఘం బీర్స్ జాబితాలో రాసి ఉంది. ఆ సంగతి డాక్టరుకు మనం చెప్పనక్కర్లేదు. ఆయనకు తెలియనిది మీ వాకిట్లో రాత్రి రెండుంబావుకి ఏం జరిగిందన్నదే.

నేను రాసింది దాదాపు ఇలా ఉంది. పేర్లు తీసేశాను.

> డాక్టర్ గారికి నమస్కారం.
>
> నేను మీ దగ్గర బి.పి.కి, ప్రోస్టేట్‌కు చూపించుకుంటున్న (పేరు, 74 ఏళ్లు, ఊరు) గారి బిడ్డను. గత రెండు నెలల్లో నాయన మూడుసార్లు పడ్డారు. మూడూ రాత్రి అల్ప్రాజోలం 0.5 వేసుకున్న తర్వాత, తెల్లవారేలోపు జరిగినవే. ఈ గోలిని మెల్లగా తగ్గించే వీలుందా అని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.
>
> పడిన వివరాలు: మొదటిసారి రాత్రి 2.15కి బాత్రూంకి పోతూ వాకిట్లో. మోచేయి గీరుకుపోయింది. రెండోసారి ఉదయం 5.30కి గడప దగ్గర. తలకు దెబ్బ తగల్లేదు. మూడోసారి రాత్రి 10కి, గోలి వేసుకున్న అరగంటకు. ఎడమ తుంటి మీద పడ్డారు, నడవగలుగుతున్నారు. స్పృహ ఎప్పుడూ తప్పలేదు. రెండుసార్లు లేవగానే కళ్లు తిరిగాయని చెప్పారు. పగలు ఎప్పుడూ పడలేదు.
>
> బి.పి. పడుకున్నప్పుడు 138/82, నిలబడ్డ ఒక నిమిషానికి 114/74, మూడు నిమిషాలకు 120/76. మూడు రోజులు చూస్తే ఇంచుమించు ఇలాగే ఉంది.
>
> గోలి ఆరేళ్లుగా రోజూ వాడుతున్నారు. పోయిన నెల మేము తెలియక రెండు రాత్రులు ఆపితే వణుకు, చెమటలు వచ్చాయి. మళ్లీ మొదలుపెట్టాం. ఫిట్స్ ఎప్పుడూ రాలేదు. వారానికి మూడు రోజులు దుకాణం కల్లు ఒకటి రెండు సీసాలు తాగుతారు. రాత్రి జలుబు గోలి కూడా వేసుకుంటున్నట్టు ఇప్పుడే తెలిసింది. మందులన్నింటి జాబితా వెనక రాశాను. ఫ్లోరైడ్ వల్ల నడుం, మెడ బిగుసుకుని ఉన్నాయి.
>
> నాయనకు ఈ ఉత్తరం చదివి వినిపించాను. "గోలి లేకుంటే నిద్ర ఎట్ల పడుతది" అన్నది ఆయన భయం. మెల్లగా అయితే ఒప్పుకుంటానన్నారు. రాత్రిళ్లు అమ్మ పక్కనే ఉంటుంది. మొదటి రెండు వారాలు నేనూ ఊళ్లోనే ఉంటాను.
>
> మూడు సంగతులు చెప్పగలరా: ఎంత చొప్పున, ఎన్ని రోజులకోసారి తగ్గించాలి? ఏ లక్షణం కనిపిస్తే తగ్గించడం ఆపి మీకు ఫోన్ చేయాలి? మిగతా మందుల్లో మార్చాల్సినవి ఉన్నాయా?
>
> (పేరు, ఫోన్ నంబరు)

చివరి మూడు ప్రశ్నలు తప్పకుండా పెట్టండి. ప్రశ్న లేని ఉత్తరం చదివి "సరే, చూద్దాం" అని పక్కన పెట్టేసే వీలుంది. ఎవరు దగ్గర ఉంటారన్నది కూడా రాయాలి. ఇంట్లో చూసుకునే మనిషి లేకపోతే ఏ డాక్టరూ ధైర్యంగా తగ్గించలేడు.

ఉత్తరాన్ని ముందురోజే క్లినిక్‌లో కాంపౌండర్‌కు ఇచ్చి, మర్నాడు నాయనను వెంటబెట్టుకుని పోండి. రద్దీ తక్కువుండే పూట అడిగి తెలుసుకోండి. వాట్సాప్‌లో పంపి ఫోన్‌లోనే తేల్చుకుందామని అనుకోకండి. మనిషిని చూడాలి, నిలబెట్టి నడిపించాలి, బి.పి. మళ్లీ చూడాలి. పైగా ఈ మందును ఫోన్‌లో మాట్లాడి రాసివ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. గోలి మొదలుపెట్టింది వేరే డాక్టరైతే, ముఖ్యంగా ఫిట్స్‌కో మానసిక జబ్బుకో ఇచ్చినదైతే, ఆ డాక్టరును కూడా అడగాలని ఉత్తరంలోనే రాయండి. ఫిట్స్‌కు ఇచ్చిన క్లోనజెపాంను నిద్ర గోలి అనుకుని తగ్గిస్తే పెద్ద ప్రమాదం.

జవాబు వచ్చాక

మా డాక్టరు గారు ఉత్తరం చదివి మొదట జలుబు గోలి ఆపించారు. కల్లు ఒక్కసారిగా మానొద్దన్నారు. గోలి వేసే రోజు మాత్రం తాగొద్దు అంటే కుదరదని ఆయనకే తెలుసు, ఎందుకంటే గోలి రోజూ ఉంది. అందుకని ముందు రెండు వారాల్లో కల్లును మెల్లగా తగ్గించి, ఆ తర్వాతే గోలి మీదికి వచ్చారు. "రెండూ ఒక్కసారి ముట్టుకోవద్దమ్మా, ఏది దేనివల్లో తెలియదు" అన్నారు. టామ్సులోసిన్ సంగతి కూడా తర్వాత చూద్దామన్నారు.

గోలి తగ్గించిన తీరు ఇది. ఇది మా నాయనకు ఇచ్చిన లెక్క, మీ ఇంటికి మీ డాక్టరు చెప్పిందే లెక్క. 0.25 గోలీలు రాసిచ్చారు. ఒకటిన్నర, అంటే 0.375, రెండు వారాలు. తర్వాత ఒకటి మూడు వారాలు. తర్వాత సగం నాలుగు వారాలు. ఆ తర్వాత మూడు వారాలు మధ్యమధ్య గోలి లేని రాత్రులు పెంచుకుంటూ పోయారు. మొత్తం మీద మూడు నెలలు. మొదటి మెట్టులో తగ్గేది ఉన్నదాంట్లో పావు వంతే. చివరి మెట్టులో ఉన్నదంతా పోతుంది. అందుకే చివరికొచ్చాక తొందరపడకూడదు.

మెట్టు దిగిన ప్రతిసారీ మూడు నాలుగు రాత్రులు నిద్ర చెడుతుంది. నాయన ఒంటిగంట దాకా మేలుకునేవాడు. "చూసినవా, గోలి లేకుంటే ఇంతే" అనేవాడు. అది పాత నిద్రలేమి తిరిగి రావడం కాదు, ఒళ్లు కొత్త మోతాదుకు సర్దుకోవడం. దాదాపు వారంలో తగ్గుతుంది. అది తట్టుకోలేక మళ్లీ పై మెట్టుకు ఎక్కేవాళ్లూ ఉంటారు. మరీ కష్టంగా ఉంటే అదే మోతాదులో ఇంకో రెండు వారాలు ఉండొచ్చా అని డాక్టరును అడగండి. చేతులు బాగా వణికినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, తికమకగా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా మాత్రం ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

గోలీలు అమ్మ చేతిలోనే ఉండాలి. ఏ రాత్రి ఎంత వేశారో క్యాలెండర్‌లో ఆ తేదీ మీదే రాయించండి. వేసుకున్నది మరిచిపోయి రెండోసారి వేసుకోవడం పెద్దవాళ్లలో మామూలే. పాత 0.5 స్ట్రిప్పులు ఇంట్లో ఏ మూల ఉన్నా తీసేయండి. మా ఇంట్లో ఒకటి దేవుడి అరలో, ఇంకోటి నాయన అంగీ జేబులో దొరికింది.

ఈ మూడు నెలలు మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా బల్బు వెలగనివ్వండి. మంచం పక్కన మూత్రానికి డబ్బా పెట్టండి. నాయన మొదట సిగ్గుపడ్డాడు, అమ్మ మాట మీద ఒప్పుకున్నాడు. రెండుంబావుకి వాకిలి దాటాల్సిన పని తప్పింది. లేవగానే నిలబడకుండా, మంచం అంచున కాళ్లు వేలాడేసి నూరు అంకెలు లెక్కపెట్టాక లేవడం అలవాటు చేశాం.

రెండో వారం చివర డాక్టరుకు ఇంకో చిన్న చీటీ ఇవ్వండి. అందులో నాలుగు వాక్యాలు చాలు: ఇప్పుడు ఎంత వేస్తున్నాం, ఎన్ని రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు, మళ్లీ పడ్డాడా, నిలబడ్డప్పుడు బి.పి. ఎంత ఉంది. మా నాయనది అప్పుడు 136/80 నుంచి 118/74కి వచ్చింది. అది చూశాకే డాక్టరు గారు ప్రోస్టేట్ గోలి మాట ఎత్తారు.